చీరకు జవాబిద్దాం, తిట్టుకు హద్దు చెబుదాం

మంగళగిరిలో ఒక చేనేత చీరల దుకాణం ఉందనుకుందాం. అమ్మకాల్లో సగం కౌంటరు మీద, సగం వాట్సాప్‌లో. ఫోటోలు పెట్టడం, రంగులు చెప్పడం, డబ్బు పడిందో లేదో చూడటం, కొరియర్ నంబరు పంపడం, ఇవన్నీ ఒక అమ్మాయే చూసుకుంటుంది. సోమవారం రాత్రి 10:47కి షాపు నంబరుకు ఈ మెసేజ్ వచ్చింది.

"షాపు నడుపుతున్నారా, దొంగతనం చేస్తున్నారా? ఫోటోలో చిలకపచ్చ చూపించి ముదురు ఆకుపచ్చ పంపుతారా? శుక్రవారం మా అమ్మాయి సీమంతం. ఇప్పుడేం కట్టుకోవాలి? ఆ చాటింగ్ చేసే పిల్లకి కళ్లున్నాయా అసలు? అమ్మానాన్నా ఇలాగే పెంచారా? అడ్డమైనదాన్ని తెచ్చి కూర్చోబెట్టారు. రేపటికల్లా నా 2,650 నా అకౌంట్లో పడాలి."

ఈ మెసేజ్‌లో రెండు విషయాలున్నాయి. ఒకటి ఫిర్యాదు. రంగు మారింది, శుక్రవారం సీమంతం, డబ్బు 2,650. మూడూ నిజాలే. రెండోది ఆ అమ్మాయి మీద పడ్డ మాటలు. చాలా దుకాణాలు ఈ రెండింటినీ ఒకే ముద్దగా చూస్తాయి. తిట్టాడు కాబట్టి ఫిర్యాదునూ పట్టించుకోరు, లేదంటే ఫిర్యాదు నిజం కాబట్టి తిట్టును కూడా దిగమింగమంటారు. మొదటి పద్ధతిలో కొన్నవాడికి అన్యాయం, రెండో పద్ధతిలో ఉద్యోగికి అన్యాయం. ఏ జవాబైనా ముందు ఈ రెండింటినీ విడదీయాలి.

అయితే ఏది తిట్టు, ఏది కోపం? "మీ షాపు పరమ చెత్త", "మళ్లీ మీ గడప తొక్కను", "మోసం చేశారు" లాంటివి వినడానికి బాగుండవు కానీ అవి సరుకు మీద, పని మీద పడిన మాటలు. వాటిని భరించడం వ్యాపారంలో భాగమే. పై మెసేజ్‌లో "దొంగతనం" అన్న మాటను కూడా నేను ఆ లెక్కలోనే వేస్తాను. డబ్బు కట్టి వేరే రంగు చీర అందుకున్న మనిషి ఆ మాత్రం అంటాడు. మనిషి పుట్టుక, పెంపకం, శీలం, ఒళ్లు, కులం, ఇల్లు, వీటిలో దేని మీదికి మాట వెళ్లినా అది ఫిర్యాదు కాదు. "అమ్మానాన్నా ఇలాగే పెంచారా", "అడ్డమైనది" అన్న రెండు చోట్లా గీత దాటింది. ఈ తేడాను సిబ్బందికి ముందే చెప్పి ఉంచకపోతే గట్టిగా అడిగిన ప్రతివాడినీ బ్లాక్ చేసే దుకాణం ఒకటి తయారవుతుంది, అదీ మంచిది కాదు.

ఇక జవాబు సంగతి. రాత్రి 10:47కి ఎవరూ ఏమీ రాయకూడదు. షాపు వాట్సాప్ ఆ అమ్మాయి సొంత ఫోనుకు కూడా లింక్ అయి ఉంటే అసలు చిక్కు అక్కడే ఉంది. ఆమె ఇంట్లో అన్నం తింటూ ఆ మాటలు చదువుతుంది. షాపు షట్టరుతో పాటు షాపు నంబరు కూడా మూతపడాలి. వాట్సాప్ బిజినెస్‌లో పని వేళలు పెట్టుకుంటే, ఆ వేళలు దాటాక వచ్చే మెసేజ్‌లకు "షాపు మూసి ఉంది, రేపు ఉదయం చూస్తాం" అని దానంతట అదే వెళ్తుంది. ఆ ఒక్క వాక్యం రాత్రికి చాలు.

అయినా ఆ రాత్రే ఆమె జవాబు రాస్తే ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. "సారీ సార్, సారీ సార్, నా తప్పే సార్, ప్లీజ్ సార్, సార్‌కి చెప్పొద్దు సార్." కింద నాలుగు దణ్ణాల బొమ్మలు. ఇందులో చీర గురించి ఒక్క ముక్క లేదు. కొనుగోలుదారుకు తెలిసిందల్లా తిడితే ఇవతలి మనిషి వణుకుతుందని మాత్రమే. పైగా "నా తప్పే" అని ఒక జీతగత్తె తన పేరు మీద రాసిచ్చినట్టయింది. రంగు తప్పు గోదాములో జరిగిందో, ఫోటోలో జరిగిందో ఇంకా ఎవరూ చూడనేలేదు.

అదే ఫోను యజమాని చేతిలో పడితే ఇంకో రకం జవాబు పుడుతుంది. "మర్యాదగా మాట్లాడు. మీ ఇంట్లో ఆడవాళ్లు లేరా? నీలాంటోళ్లని చాలామందిని చూశాం." ఆయన ఉద్దేశం మంచిదే, తన ఉద్యోగి పక్షాన నిలబడాలనుకున్నాడు. కానీ ఇప్పుడు గొడవలోకి అవతలివాళ్ల ఇంటి ఆడవాళ్లు కూడా వచ్చారు. రేపు ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగే స్క్రీన్‌షాట్‌లో ఈ మూడు వాక్యాలే ఉంటాయి, పైన తాను రాసిన తిట్టును కొనుగోలుదారు కత్తిరించేస్తాడు. ఆ తర్వాత పడే ఫోన్లు ఎత్తాల్సింది కూడా ఆ అమ్మాయే. యజమాని కోపం ఆమెను కాపాడకపోగా ఆమె నెత్తిమీదకే వస్తుంది.

మూడో రకం, పెద్ద కంపెనీలను చూసి నేర్చుకున్నది. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మా విధానాల ప్రకారం అనుచిత భాషను సహించము." ఇది ఎవరికి రాశారో, దేని గురించి రాశారో ఆ వాక్యానికే తెలియదు. కోపంగా ఉన్న మనిషికి ఇది గోడతో మాట్లాడినట్టుంటుంది, ఇంకా గట్టిగా అరవాలనిపిస్తుంది.

ఇప్పుడు మంగళవారం ఉదయం. షాపు తెరిచాక యజమాని ముందు ఆర్డరు తీసి చూశాడు. ఆ అమ్మాయి చీటీలో చిలకపచ్చ అనే రాసింది, ప్యాకింగ్‌లో పక్క అరలోని చీర పెట్టారు. తప్పు షాపుదే. చిలకపచ్చది ఇంకొకటి ఉంది, మంగళవారం పంపితే గురువారానికి చేరుతుందని కొరియర్‌వాళ్లు చెప్పారు. ఇంత తెలిశాకే ఆయన రాయడానికి కూర్చున్నాడు.

"నమస్తే అండి. నేను షాపు యజమానిని, మీ ఆర్డరు ఇక నేనే చూస్తాను. మీరు అడిగింది చిలకపచ్చ, మేం పంపింది ముదురు ఆకుపచ్చ. ప్యాకింగ్‌లో మా వల్ల జరిగిన పొరపాటు, క్షమించండి. చిలకపచ్చ చీర ఈ రోజే పంపగలం, గురువారం సాయంత్రానికి మీ ఇంటికి చేరుతుంది. వద్దనుకుంటే ఈ రోజే 2,650 వెనక్కి వేస్తాం. ఏది కావాలో మధ్యాహ్నం 2 గంటల్లోపు చెప్పండి. తప్పుగా వచ్చిన చీరను మా ఖర్చుతో తెప్పించుకుంటాం.

ఇంకో విషయం. మా ఉద్యోగి గురించి మీరు రాసిన మాటలు మాకు సమ్మతం కాదు. చీర గురించి ఎంత గట్టిగా అడిగినా జవాబు చెబుతాం. మనిషిని తిడుతూ రాసే మెసేజ్‌లకు మాత్రం ఇకపై జవాబు ఇవ్వం. మీ చీర, మీ డబ్బు విషయంలో దీనివల్ల ఏ మార్పూ ఉండదు."

ఈ జవాబులో ఏం జరుగుతోందో కాస్త నెమ్మదిగా చూద్దాం. మొదటి వాక్యంలోనే ఆ అమ్మాయి తెర మీద నుంచి తప్పుకుంది. ఇక తిట్టాలన్నా ఎదురుగా ఆమె లేదు. ఆమె పేరు జవాబులో ఎక్కడా లేదు, ఆడో మగో కూడా తెలియకుండా "మా ఉద్యోగి" అనే ఉంది. క్షమాపణ కూడా "మా వల్ల" అంటూ షాపు పేరున, ప్యాకింగ్ పొరపాటుకే చెప్పారు. ఆమె చేయని తప్పును ఆమె మీద వేయలేదు, తిట్టినందుకు బదులుగా క్షమాపణ ఇచ్చినట్టూ లేదు.

చీర ముందు, హద్దు తర్వాత. ఈ వరుస మీద వేరే అభిప్రాయాలున్నాయి. ముందు మర్యాద సంగతి తేల్చాకే పని మాట్లాడాలనే యజమానులున్నారు. నేను ఒప్పుకోను. తప్పు షాపుదైనప్పుడు మొదటి వాక్యంలోనే మర్యాద పాఠం చెబితే, "చీర మార్చి పంపింది కాక నాకు నీతులు చెబుతున్నారు" అనే మాట కొనుగోలుదారు నోట సిద్ధంగా ఉంటుంది, అందులో న్యాయం కూడా కొంత ఉంటుంది. చీర విషయం తేల్చేశాక ఆ మాటకు చోటు లేదు.

హద్దు చెప్పిన నాలుగు వాక్యాల్లో తిట్టును మళ్లీ రాయలేదు. రాస్తే ఆ మాట రెండోసారి పుడుతుంది, "నేను అలా అనలేదు, ఇలా అన్నాను" అనే వాదం మొదలవుతుంది. "మీరు సంస్కారం లేనివారు" అని మనిషి మీద తీర్పు ఇవ్వలేదు, రాసిన మాటల గురించే చెప్పారు. "మా అమ్మాయి చాలా బాధపడింది" అని కూడా లేదు. అది నిజమే కావచ్చు, కానీ తిట్టేవాడికి దెబ్బ ఎక్కడ తగిలిందో చూపించాల్సిన పని లేదు. అవతలివాడు "పిల్ల" అని, "అడ్డమైనది" అని దిగజారినా ఇవతల "మీరు" చెక్కుచెదరలేదు. మన భాషలో గొడవ ముదిరిందని మొదట చెప్పేది "మీరు" నుంచి "నువ్వు"కు జారడమే. అది జారలేదంటే ఇవతలి మనిషి తన పట్టు తప్పలేదని అర్థం.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరి వాక్యం. హద్దు దాటితే ఏం జరుగుతుందో చెప్పాలి, కానీ ఆ పర్యవసానం మాటల వరకే ఉండాలి. "మర్యాదగా మాట్లాడితేనే డబ్బు వెనక్కి ఇస్తాం" అంటే అది బెదిరింపు. తిట్టినంత మాత్రాన అతని 2,650 షాపుది అయిపోదు. ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలకు 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని అంటాయి. బూతులున్న ఫిర్యాదును వదిలేయవచ్చనే మినహాయింపు వాటిలో లేదు. అందుకే పోగొట్టుకునేది ఒక్క సంభాషణే అని, హక్కు కాదని తేటగా రాయాలి. అలాగే చేయలేనిది రాయకూడదు. కేసు పెట్టే ఉద్దేశం లేకుండా "లీగల్‌గా చూసుకుంటాం" అంటే అవతలివాడికి అది ఉత్తమాటని రెండో రోజుకే తెలిసిపోతుంది.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కొందరు "ఇప్పుడే చూశాను, కోపంలో అన్నాను, చీర పంపండి" అంటారు, సీమంతానికి చిలకపచ్చ చీరే కడతారు. అందరూ అలా ఉండరు. మన కొనుగోలుదారు మధ్యాహ్నం ఇలా రాశాడనుకుందాం. "నాకు డబ్బే కావాలి. నువ్వెవడ్రా నాకు మర్యాద నేర్పడానికి? దాన్ని వెనకేసుకొస్తున్నావంటే మీ ఇద్దరి సంగతి అర్థమవుతూనే ఉంది."

ఇప్పుడు రెండో జవాబు, ఇదే చివరిది. "మీరు డబ్బు అడిగారు కాబట్టి 2,650 మీరు కట్టిన ఖాతాకే ఈ సాయంత్రం 5 లోపు వేస్తాం. మీ మెసేజ్‌లో మళ్లీ తిట్లు ఉన్నాయి, అందువల్ల ఈ చాట్‌ను ఇక్కడితో ఆపేస్తున్నాం. ఈ ఆర్డరు గురించి ఇంకేమైనా ఉంటే షాపు ఈమెయిల్‌కు రాయండి." సాయంత్రం డబ్బు వేసిన రసీదు ఒకటి పంపాలి. ఆ తర్వాత ఎన్ని మెసేజ్‌లు వచ్చినా ఒక్క అక్షరం రాయకూడదు. ఇక్కడే ఎక్కువ మంది జారిపోతారు. నాలుగు తిట్లకు మౌనంగా ఉండి ఐదోదానికి తట్టుకోలేక ఏదో రాస్తారు. దాంతో అవతలివాడు నేర్చుకునేది, జవాబు కావాలంటే ఐదుసార్లు తిట్టాలని. అలా రాయడం కంటే మొదటే ఏ హద్దూ చెప్పకపోవడం నయం.

ఈమెయిల్ దారి ఎందుకు తెరిచి ఉంచాలంటే, పంపిన డబ్బు నిజంగానే అందకపోవచ్చు, బ్యాంకులో చిక్కుపడవచ్చు. ఫిర్యాదుకు ఒక తలుపు ఎప్పుడూ ఉండాలి. ఆ ఈమెయిల్‌ను ఆ అమ్మాయి కాకుండా యజమాని తెరవాలి.

ఈ జవాబులన్నీ తిట్టు వరకే పనికొస్తాయి. "సాయంత్రం ఎన్నింటికి ఇంటికెళ్తావో తెలుసు", "నీ ఫోటో గ్రూపుల్లో పెడతా" అని గానీ, అశ్లీల బొమ్మ గానీ వస్తే అది మాటల దశ దాటిపోయింది. దానికి మృదువైన వాక్యాలు వెతకకూడదు, జవాబే ఇవ్వకూడదు. ముందు సాక్ష్యం భద్రపరచాలి. పంపినవాడు "అందరికీ డిలీట్" నొక్కితే అది మన తెర మీద నుంచి కూడా పోతుంది, పంపిన రెండు రోజుల తర్వాత కూడా ఆ వీలు ఉంటుంది. కాబట్టి చూసిన వెంటనే నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయాలి, చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోవాలి, అసలు మెసేజ్ ఉన్న ఫోనులో దాన్ని చెరపకూడదు. పోలీసులకూ కోర్టుకూ అసలుదే బలం. బ్లాక్ చేయడం ఇవన్నీ అయ్యాకే.

చట్టం వైపు నుంచి చూస్తే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో బెదిరింపుకు 351వ సెక్షన్, స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాటలకు 79వ సెక్షన్, వద్దన్నా వెంటపడటానికి 78వ సెక్షన్ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో cybercrime.gov.in లో ఫిర్యాదు చేయవచ్చు, స్టేషన్‌కూ వెళ్లవచ్చు. ఒక పాత సెక్షన్ పేరు మాత్రం ఎత్తవద్దు. ఐటీ చట్టంలోని 66ఎ చూపించి ఇప్పటికీ కొందరు కొనుగోలుదారులను బెదిరిస్తారు, దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది.

చిన్న దుకాణదారులకు తెలియని సంగతి ఇంకొకటి. పని చోట లైంగిక వేధింపులను అడ్డుకోవడానికి 2013లో వచ్చిన చట్టం తోటి ఉద్యోగుల గురించే అనుకుంటారు. పని చోటుకు వచ్చిపోయే బయటివాళ్ల నుంచి కూడా ఉద్యోగినికి భద్రత కల్పించడం యజమాని బాధ్యతే అని దాని 19వ సెక్షన్ చెబుతుంది. వేధించినవాడు ఉద్యోగి కాకపోయినా, ఆమె కోరితే అతనిపై చర్య మొదలయ్యేలా చూడటం కూడా ఆ బాధ్యతలో భాగం. "కస్టమర్ కదమ్మా, సర్దుకుపో" అన్న మాట ఆ సెక్షన్ ముందు నిలవదు. టోక్యో నగర ప్రభుత్వం కొనుగోలుదారుల వేధింపులను నిషేధిస్తూ ప్రత్యేకంగా ఒక శాసనమే చేసింది, అది 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో శిక్షలు లేవు, అయినా సిబ్బందిని కాపాడాల్సింది ఎవరో అది రాసి పెట్టింది.

జవాబు పంపాక షాపులో ఏం జరుగుతుందన్నది కూడా జవాబులో భాగమే. చాట్‌ను యజమాని తన చేతుల్లోకి తీసుకున్నాక ఆ అమ్మాయి దాన్ని మళ్లీ తెరవాల్సిన అవసరం ఉండకూడదు. మెసేజ్ చూడగానే "అసలు నువ్వేమన్నావమ్మా?" అని అడిగే అలవాటు మనకుంది. ఆ ప్రశ్నతో తిట్టినవాడి వైపు ఒక అడుగు వేసినట్టే. చాట్ అంతా ఎదురుగానే ఉంది, చదువుకుంటే తెలుస్తుంది. ఆమె చెప్పిన దాంట్లో తప్పుంటే అది వేరే రోజు, వేరే మాట. ఆ రోజు ఆమెతో అనాల్సింది ఇంతే. "ఇది నేను చూసుకుంటానమ్మా. నువ్వు రాసిన చీటీ సరిగ్గానే ఉంది."

తప్పు షాపుది కాకపోతే? కొనుగోలుదారు తానే ముదురు ఆకుపచ్చ ఎంచుకుని మర్చిపోయాడనుకుందాం. అప్పుడు మొదటి పేరాలో క్షమాపణ పోతుంది, ఆర్డరు పెట్టిన రోజు అతను పంపిన మెసేజ్‌ను చూపి మార్పిడికి ఏం చేయగలరో చెబితే చాలు. రెండో పేరాలో ఒక్క అక్షరం కూడా మారదు. తప్పు ఎవరిదైనా హద్దు ఒకటే కాబట్టి దాన్ని ముందే రాసి పెట్టుకోవచ్చు. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా దాచుకుంటే "/" కొట్టి పిలుచుకోవచ్చు. కోపంలో ఉన్నప్పుడు కొత్తగా రాయాల్సిన పని తప్పుతుంది. చీర సంగతి మాత్రం ప్రతిసారీ కొత్తగా, ఆర్డరు చూసి రాయాలి. అది కూడా దాచిపెట్టిన వాక్యమైతే మళ్లీ గోడతో మాట్లాడినట్టే ఉంటుంది.

యజమానులకు ఒక్క మనవి. చాట్ ఆపే అధికారం కౌంటరులో కూర్చున్న మనిషికే ఇవ్వండి. తిట్టు కనబడిన క్షణంలో ఎవర్నీ అడగకుండా "ఇది మా యజమాని చూస్తారు" అని ఒక్క వాక్యం రాసి ఫోను పక్కన పెట్టే అనుమతి ఆమెకు ఉందని, అందుకు ఉద్యోగానికీ జీతానికీ ఏ ఢోకా ఉండదని ముందే నోటితో చెప్పండి.